మామిడి పిందె బుటా మిషన్‌కు ఎక్కేదాకా: ఎంబ్రాయిడరీ డిజైన్ డిజిటైజింగ్

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ బొమ్మను చూసి కుట్టదు. సూది ఎక్కడ దిగాలి, దిగాక ఫ్రేము ఎటు ఎంత జరగాలి, దారం ఎక్కడ తెగాలి, రంగు ఎప్పుడు మారాలి అని వరసగా రాసిపెట్టిన ఆదేశాలను పాటిస్తూ పోతుంది. కాగితం మీద గీసిన డిజైన్‌ను ఈ ఆదేశాలుగా మార్చడమే డిజిటైజింగ్. మిషన్ వర్క్ షాపుల్లో దీన్ని పంచింగ్ అంటారు. ఫొటోను సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఒక్క బటన్ నొక్కితే డిజైన్ సిద్ధమైపోతుందని చాలామంది అనుకుంటారు. బటన్ నొక్కితే కుట్లయితే వస్తాయి. కానీ ఆ ఫైలును గుడ్డ మీద కుట్టి చూస్తే అంచుల దగ్గర సందులు, చుట్టూ ముడతలు, కోడిగుడ్డులా సాగిన గుండ్రాలు కనిపిస్తాయి. అవి ఎందుకు వస్తాయో తెలిసిన మనిషి, తెరపై బొమ్మను కావాలనే కొంచెం తప్పుగా గీస్తాడు. గుడ్డ మీద అది సరిగ్గా రావడానికి అదే దారి.

దీన్ని ఒక చిన్న డిజైన్‌తో చూడవచ్చు. రా సిల్క్ జాకెట్టు చేతి మీద వేసే మామిడి పిందె బుటా తీసుకుందాం. ఎత్తు 40 మిల్లీమీటర్లు, వెడల్పు 25. లోపలంతా ఆకుపచ్చ దారం, చుట్టూ 3 మి.మీ. బంగారు రంగు అంచు, మధ్యలో అదే బంగారు రంగులో 6 మి.మీ. చుక్క. రెండు రంగులూ మామూలు 40 నంబరు ఎంబ్రాయిడరీ దారమే.

మొదటి పని ఏ భాగానికి ఏ కుట్టు అన్నది తేల్చుకోవడం. మిషన్ ఎంబ్రాయిడరీలో ఎన్ని సొగసులు కనిపించినా అడుగున ఉండేవి ప్రధానంగా మూడు కుట్లే. ఒకే గీతగా సాగేది రన్నింగ్. రెండు అంచుల మధ్య అటూ ఇటూ జిగ్‌జాగ్‌గా దగ్గరదగ్గరగా పడుతూ మెరిసేది శాటిన్. పెద్ద జాగాను వరసలు వరసలుగా నింపేది ఫిల్. దీన్నే టటామీ అని కూడా అంటారు. శాటిన్‌లో దారం ఒక అంచు నుంచి రెండో అంచు దాకా ఎక్కడా గుడ్డలోకి దిగకుండా తేలుతుంది కాబట్టే అంత మెరుపు. అందుకే దానికి హద్దులూ ఉన్నాయి. ఏడెనిమిది మిల్లీమీటర్లు దాటితే ఆ తేలే దారం గాజులకో గొలుసుకో తగులుకుని లేచిపోతుంది. ఒక మిల్లీమీటరు కంటే సన్నగా ఉంటే సూది రంధ్రాలు మరీ దగ్గరపడి గుడ్డ దెబ్బతింటుంది. మన బుటాలో 3 మి.మీ. అంచు శాటిన్‌కు చక్కగా సరిపోతుంది. లోపలి ఆకుపచ్చ భాగం వెడల్పు 19 మి.మీ. కాబట్టి అక్కడ ఫిల్ తప్ప వేరే దారి లేదు. చుక్కకు మళ్లీ శాటినే.

రెండోది సాంద్రత. కుట్ల వరసల మధ్య ఎంత ఎడం ఉండాలన్న లెక్క ఇది. ఎడం తగ్గితే కుట్టు దట్టమవుతుంది, పెరిగితే పలచబడుతుంది. ఇంక్‌స్కేప్‌తో కలిసి పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంక్/స్టిచ్‌లో శాటిన్‌కు ముందుగానే పెట్టి ఉండే విలువ 0.4 మి.మీ., ఫిల్‌కు 0.25. ఈ రెండు అంకెలూ వేరుగా ఉన్నాయని శాటిన్ పలచగా, ఫిల్ దట్టంగా వస్తుందని అనుకోకూడదు. శాటిన్‌లో కొలిచేది ఒకే అంచు మీద పక్కపక్కన పడే రెండు సూది పోట్ల మధ్య దూరం. ఆ రెండు పోట్ల మధ్యలో దారం ఒకసారి అటు వెళ్లి ఇటు వస్తుంది, అంటే 0.4 మి.మీ.లో రెండు దారాలు పడతాయి. ఫిల్‌లో కొలిచేది ఒక వరసకూ పక్క వరసకూ మధ్య దూరం. వేరే సాఫ్ట్‌వేర్‌లో ఈ కొలత పద్ధతి వేరుగా ఉండవచ్చు. అందుకే ఒక చోట చూసిన అంకెను ఇంకో చోట గుడ్డిగా కొట్టడం కంటే, మొత్తం ఎన్ని కుట్లు వచ్చాయో చూసుకోవడం నమ్మకమైన పద్ధతి.

మన బుటాకు ఆ లెక్క వేద్దాం. అంచు శాటిన్ నడిమి గీత వెంట కొలిస్తే పొడవు సుమారు 95 మి.మీ. దాన్ని 0.4తో భాగిస్తే దాదాపు 238 జిగ్‌జాగ్‌లు, ఒక్కోదానికి రెండు చొప్పున 475 కుట్లు. ఇంకా నిండుగా ఉండాలని ఎడాన్ని 0.3కు తగ్గిస్తే 630 దాటుతాయి. ఆ అదనపు నూటయాభై పైచిలుకు కుట్ల వల్ల తెరపై అంచు ఇంకా నున్నగా కనిపిస్తుంది. గుడ్డపై మాత్రం అవి చేటే చేస్తాయి. సూది దిగిన ప్రతిచోటా ఒక రంధ్రం పడుతుంది. అవి మరీ దగ్గరైతే పోస్టల్ స్టాంపుల మధ్య చిల్లుల వరసలా అంచు వెంట రా సిల్క్ చిరిగిపోయే స్థితికి వస్తుంది. అంత దారం గుడ్డలోకి దూరితే దానికి జాగా కావాలి కాబట్టి చుట్టూ గుడ్డ ఉబ్బి ముడతలు పడుతుంది. దారం తరచూ తెగుతుంది, కుట్టిన భాగం అట్టలా బిగుసుకుపోతుంది. ఒకే చోట దారం పదేపదే తెగుతుంటే, టెన్షన్ బిళ్లను తిప్పేముందు తెరపై ఆ చోట ఎన్ని పొరలు ఒకదాని మీద ఒకటి పడ్డాయో చూడటం మంచిది.

సాంద్రత దారాన్ని బట్టి మారుతుంది. 60 నంబరు దారం సన్నం, ఎడం తగ్గించవచ్చు. జరీ దారం లావుగా, బిరుసుగా ఉంటుంది కాబట్టి ఎడం పెంచాలి. కుట్టు పొడవు కూడా కొంచెం ఎక్కువ ఉంటేనే దాని మెరుపు కనిపిస్తుంది, మిషన్ వేగం కూడా తగ్గించుకోవాలి. మామూలు దారానికి చేసిన డిజైన్‌ను అలాగే జరీతో కుట్టించి, మిషన్ బాగాలేదని అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

మామిడి పిందెలో సాంద్రతకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. పిందె కొన ఒంపు తిరుగుతుంది. అక్కడ అంచు బయటి వైపు 5 మి.మీ. వ్యాసార్ధంతో తిరిగితే, 3 మి.మీ. వెడల్పు తీసేయగా లోపలి వైపు వ్యాసార్ధం 2 మి.మీ. మాత్రమే. బయటి వైపు పోట్ల మధ్య ఎడం 0.4 ఉంటే లోపలి వైపు 0.16కు పడిపోతుంది. బుటా అంతా బాగుండి కొన దగ్గర మాత్రం దారం ముద్దగా పేరుకుందంటే కారణం ఇదే. ఇక్కడ కొన్ని కుట్లను లోపలి అంచు దాకా పోనీయకుండా కాస్త ముందే ఆపేస్తారు. వీటిని షార్ట్ స్టిచ్‌లు అంటారు. చాలా సాఫ్ట్‌వేర్‌లు ఈ పనిని వాటంతటవే చేస్తాయి. కొన మరీ సూదిగా ఉంటే అదీ చాలదు. అప్పుడు డిజైన్ గీసేటప్పుడే లోపలి ఒంపును కొంచెం విశాలం చేయక తప్పదు.

సాంద్రత సరిపోయినా గుడ్డ మాత్రం ఊరికే ఉండదు. పై దారం బిగువుతో వస్తుంది, కింద బాబిన్ దారంతో ముడిపడుతుంది. రెండు పోట్ల మధ్య ఆ బిగువు దారాన్ని పొట్టిగా చేయాలని చూస్తుంది, దానితో పాటు గుడ్డా లోపలికి లాగుడు పడుతుంది. ఇది కుట్టు సాగే దిశలో జరిగేది. దీన్ని పుల్ అంటారు. అదే సమయంలో పక్కపక్కన కుక్కిన వరసలు జాగా కోసం గుడ్డను అడ్డంగా బయటికి నెడతాయి. ఇది వరసలు పేరుకుంటూ పోయే దిశలో జరిగేది. దీన్ని పుష్ అంటారు. ఒక గుండ్రాన్ని అడ్డకుట్లతో నింపితే పక్కల నుంచి సన్నబడి, పైకీ కిందికీ సాగుతుంది. తెరపై ఉన్న పూర్ణచంద్రుడు గుడ్డపై కోలగా మారడం వెనక ఉన్నది ఇదే. సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనదైనా గుడ్డ స్వభావాన్ని మార్చలేదు. అండర్‌లే, పుల్ కాంపెన్సేషన్ రెండూ పుట్టింది ఈ లాగుడు కోసమే. మొదటిది లాగుడును తగ్గిస్తుంది, రెండోది మిగిలిన లాగుడును ముందే లెక్కలోకి తీసుకుంటుంది.

అండర్‌లే అంటే పై కుట్టు పడకముందు దాని కింద వేసే పలచని కుట్ల పొర. పని పూర్తయ్యాక అది కనపడదు, అందుకే కుట్లు తగ్గించి టైము మిగుల్చుకోవాలనుకునేవారు ముందుగా తీసేసేది దీన్నే. దాని అసలు పని గుడ్డను కింద వేసిన బ్యాకింగ్ పేపరుకు పట్టి ఉంచడం. ఫ్రేములో గుడ్డ, పేపరు రెండూ బిగించి ఉన్నా మధ్యలో అవి విడివిడి పొరలే. దట్టమైన కుట్టు నేరుగా పడితే పైన ఉన్న గుడ్డ పేపరు మీద జారుతుంది. ముందే పలచగా అక్కడక్కడా కుట్టి పట్టి ఉంచితే రెండూ ఒకటై కదులుతాయి. అండర్‌లే రెండో పని పై దారానికి ఆనిక ఇవ్వడం. అది లేకపోతే శాటిన్ దారాలు రా సిల్క్ నేతలోని గరుకు గీతల మధ్యకు దిగబడి, మధ్యలో గుడ్డ రంగు తొంగిచూస్తుంది. అలా కనబడగానే సాంద్రత పెంచడం చాలామంది చేసే పని. నిజానికి అక్కడ కావలసింది అండర్‌లే. సాంద్రత పెంచితే లాగుడే పెరుగుతుంది.

శాటిన్ కింద వేసే అండర్‌లే వెడల్పును బట్టి ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల లోపు సన్నని పట్టీకి నడిమి గీత వెంట ఒక రన్నింగ్ చాలు. దానికంటే వెడల్పైతే రెండు అంచుల వెంట, అంచు నుంచి 0.4 మి.మీ. లోపలికి రన్నింగ్ వేస్తారు. ఆ ఎడం ఉంచకపోతే పై కుట్టు లాగుడుకు లోపలికి జరిగినప్పుడు అండర్‌లే పక్కనుంచి బయటపడుతుంది. ఇంకా వెడల్పైన పట్టీకి దాని మీద పలచని జిగ్‌జాగ్ కూడా కలుపుతారు. మన 3 మి.మీ. అంచుకు రెండూ వేస్తే మెరుగు. రెండు వైపులా 95 మి.మీ. చొప్పున 2.5 మి.మీ. కుట్టుతో రన్నింగ్‌కు 76 కుట్లు, 2 మి.మీ. ఎడంతో జిగ్‌జాగ్‌కు 95 కుట్లు. మొత్తం 170 దాకా. సాంద్రతను 0.3కు దట్టం చేసినప్పుడు పెరిగిన కుట్లు కూడా ఇంచుమించు ఇన్నే. ఆ కుట్లను పైన కుక్కితే గుడ్డ చెడింది. అడుగున పరిస్తే గుడ్డ నిలబడింది.

ఫిల్ కింద అండర్‌లే పై వరసలకు అడ్డంగా పడాలి. పైన అడ్డకుట్లయితే కింద నిలువుకుట్లు, ఎడం పై ఫిల్‌కు నాలుగింతలు, అంటే సుమారు ఒక మిల్లీమీటరు. రెండూ ఒకే దిశలో వేస్తే పై దారాలు కింది దారాల సందుల్లోకి దిగిపోతాయి, వేసీ లాభం ఉండదు. మధ్యలోని బంగారు చుక్క విషయం వేరు. దాని కింద అప్పటికే ఆకుపచ్చ ఫిల్ ఉంటుంది, అదే ఆనికగా పనిచేస్తుంది. అంచు వెంట ఒక్క రన్నింగ్ వేసి, చుక్క కుట్లను ఫిల్‌కు అడ్డంగా, అంటే నిలువుగా తిప్పితే చాలు.

ఇక పుల్ కాంపెన్సేషన్. అండర్‌లే వేశాక కూడా కొంత లాగుడు మిగులుతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే అదే గుడ్డ ముక్క మీద, అదే పేపరుతో, అదే దారంతో కుట్టి స్కేలుతో కొలవాలి. తెరపై 3 మి.మీ. ఉన్న అంచు గుడ్డపై 2.6 వచ్చిందనుకుందాం. ఒక్కో వైపు 0.2 తగ్గింది. ఆ 0.2ను రెండు వైపులా కలిపి తెరపై 3.4గా కుట్టిస్తే గుడ్డపై 3 వస్తుంది. బిగువైన కాటన్, రా సిల్క్ లాంటి నేత గుడ్డలకు ఈ సర్దుబాటు 0.2 దగ్గర ఉంటుంది. టీ షర్టు అల్లిక గుడ్డకు 0.35 దాకా, ఊలు స్వెట్టరు లాంటి వాటికి 0.4 దాకా వెళ్తుంది. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు మాత్రమే. సాఫ్ట్‌వేర్‌లో ఈ విలువను ఒక్కో వైపుకు తీసుకుంటుందా, రెండు వైపులా కలిపి తీసుకుంటుందా అన్నది ముందు తెలుసుకోవాలి. లేకపోతే కావలసినదానికి సగమో రెట్టింపో పడుతుంది. నేతకు ఏటవాలుగా సాగే కుట్లకు లాగుడు ఎక్కువ, ఎందుకంటే నేత గుడ్డ ఏదైనా ఏటవాలుగానే ఎక్కువ సాగుతుంది. జాకెట్టు చేతిని క్రాస్‌గా కత్తిరించినప్పుడు పాత ఫైలు కొత్తగా సందులు చూపించేది ఇందుకే.

అసలు సమస్య ఆకుపచ్చ ఫిల్, బంగారు అంచు కలిసే చోట ఉంటుంది. ఫిల్‌ను సరిగ్గా అంచు లోపలి గీత దాకా గీస్తే తెరపై రెండూ చక్కగా అతుక్కుని కనిపిస్తాయి. గుడ్డపై ఫిల్ తన అడ్డకుట్ల దిశలో లోపలికి ముడుచుకుని, ఎడమ కుడి వైపుల్లో రెండు రంగుల మధ్య గుడ్డ గీతలా కనిపిస్తుంది. అందుకే ఫిల్‌ను అంచు కిందికి పోనివ్వాలి. ఎంత పోనివ్వాలన్నది అన్ని వైపులా ఒకటి కాదు. ఎడమ కుడి వైపులకు 1.2 మి.మీ., పైకీ కిందికీ 0.6 మి.మీ. చాలు, ఎందుకంటే ఆ దిశలో ఫిల్ ముడుచుకోదు, తనే బయటికి నెట్టుకొస్తుంది. ఇలా పెంచాక ఆకుపచ్చ భాగం వైశాల్యం సుమారు 600 చదరపు మిల్లీమీటర్లు అవుతుంది. 0.25 ఎడం, 4 మి.మీ. కుట్టు పొడవుతో లెక్కేస్తే 600 కుట్లు. చుక్కకూ ఇదే సూత్రం. నిలువు కుట్లు కాబట్టి అది నిలువుగా ముడుచుకుని అడ్డంగా సాగుతుంది; గుడ్డపై 6 మి.మీ. గుండ్రంగా రావాలంటే తెరపై 6.4 ఎత్తు, 5.7 వెడల్పు ఉన్న కోలగా గీయాలి.

ఈ సర్దుబాటుకూ హద్దుంది. తెలుగు అక్షరాలు కుట్టేటప్పుడు అది బాగా తెలుస్తుంది. మన లిపిలో సున్నాలు, ఒంపులు ఎక్కువ. పెద్ద అక్షరంలో గీత సన్నబడకుండా పుల్ కాంపెన్సేషన్ పెంచవచ్చు. ఏడెనిమిది మిల్లీమీటర్ల ఎత్తు అక్షరంలో అదే విలువ పెడితే గీత లోపలికీ బయటికీ లావై, సున్నా మధ్య ఖాళీ పూడిపోతుంది. అక్కడ చేయగలిగింది సన్నని దారానికి మారడమో, అక్షరాన్ని పెద్దది చేయడమో, ఖాళీని ముందే విశాలంగా గీయడమో. వత్తులున్న పేరును చిన్న సైజులో అడిగినప్పుడు కుదరదని చెప్పడమే నిజాయితీ.

కుట్టే వరస కూడా డిజిటైజింగ్‌లో భాగమే. ముందు ఆకుపచ్చ అండర్‌లే, దాని మీద ఆకుపచ్చ ఫిల్, తర్వాత రంగు మార్చి బంగారు చుక్క, చివరగా అంచు. లోపలి నుంచి బయటికి సాగితే నెట్టుకుపోయే గుడ్డ బయటికి జారుతుంది. ముందే అంచు కుట్టి లోపల నింపితే, కదిలిన గుడ్డ ఎటూ పోలేక మధ్యలో ఉబ్బి నిలుస్తుంది.

మొదటి నమూనా కుట్టాక లోపాన్ని చదవడం వచ్చి ఉండాలి. సందు కుట్టు దిశకు రెండు కొసల్లోనూ ఒకేలా ఉంటే అది పుల్; కాంపెన్సేషన్ పెంచాలి. ఒక్క వైపే సందు ఉండి, ఎదుటి వైపు రెండు రంగులు ఒకదానిమీద ఒకటి ఎక్కువగా ఎక్కితే గుడ్డ ఫ్రేములో జారింది. ఫైలును ముట్టుకోకూడదు, మళ్లీ బిగించాలి. అంచు వెంట పైన తెల్ల బాబిన్ దారం కనిపిస్తే అది దారం బిగువు సమస్య. శాటిన్‌ను వెనక్కి తిప్పి చూస్తే వెడల్పులో మూడో వంతు మేర, మధ్యలో బాబిన్ దారం కనిపించాలి. ఫ్రేములో ఉన్నంతసేపూ నున్నగా ఉండి, తీయగానే ముడతలు పడితే గుడ్డను బిగించేటప్పుడే సాగదీశారు. ఫ్రేములో ఉండగానే ముడతలు వస్తే సాంద్రత ఎక్కువైంది, లేదా పేపరు పలచనైంది. నమూనాను వేరే గుడ్డ ముక్క మీద చూస్తే ఇవేవీ సరిగ్గా తెలియవు. రా సిల్క్‌లో తప్పు కుట్టును ఊడదీసినా రంధ్రాలు అలాగే మిగులుతాయి కాబట్టి, నేరుగా జాకెట్టు మీద ప్రయత్నించడమూ కుదరదు.

అన్నీ సరిచేశాక ఫైలును రెండు రకాలుగా దాచుకోవాలి. డిజైన్‌ను ఆకారాలుగా, వాటి సాంద్రత, అండర్‌లే విలువలతో సహా ఉంచేది ఒకటి. ఇంక్/స్టిచ్‌లో అది SVG, విల్‌కామ్‌లో EMB. మిషన్‌కు ఇచ్చేది రెండోది. పెద్ద మిషన్లలో ఎక్కువగా వాడే తజిమా వారి DST అలాంటిదే. అందులో సూది కదలికలే ఉంటాయి. ఒక్కో కదలిక 12.1 మి.మీ. దాటకూడదు, రంగు మార్చమని ఆగే చోటు ఉంటుంది తప్ప ఏ రంగో ఉండదు. అందుకే మిషన్ దగ్గర ఏ సూదిలో ఏ రంగో విడిగా రాసివ్వాలి. బుటాను 20 శాతం పెద్దది చేయమని అడిగితే DSTని నేరుగా సాగదీయకూడదు. కుట్ల సంఖ్య మారదు కాబట్టి 0.4 ఎడం 0.48 అయి గుడ్డ కనిపిస్తుంది. 20 శాతం తగ్గిస్తే 0.32 అయి దట్టమవుతుంది. ఆకారాల ఫైలులో మారిస్తే కుట్లు కొత్తగా లెక్కకొస్తాయి. ఆ మార్పులో పుల్ కాంపెన్సేషన్‌ను మాత్రం అదే నిష్పత్తిలో పెంచనక్కర్లేదు. గుడ్డ, దారం, పేపరు అవే అయితే మొదట 0.2తోనే నమూనా కుట్టి కొలుచుకోవచ్చు. బుటా బాగా పెద్దదై అంచు వెడల్పు ఏడెనిమిది మిల్లీమీటర్లకు చేరితే శాటిన్‌ను వదిలి ఫిల్‌కు మారాలి, అండర్‌లేను దానికి తగ్గట్టు మార్చి మళ్లీ నమూనా కుట్టాలి.